గుండె గోడ సాగితే కిడ్నీకి అందే కబురు

ఏట్రియల్ నేట్రియురెటిక్ పెప్టైడ్ గుండె కండరంలోనే తయారయ్యే హార్మోన్. వైద్యులు పొట్టిగా ఏఎన్‌పీ అంటారు. గుండెకు పైన ఉండే రెండు గదులను కర్ణికలు అంటారు కదా, వాటి గోడల్లోని కండర కణాలే దీన్ని తయారుచేసి దాచుకుంటాయి. ఒంట్లో రక్తం పరిమాణం పెరిగి కర్ణికలు ఉబ్బితే, వాటి గోడ సాగుతుంది. ఆ సాగుదలకు హార్మోన్ రక్తంలోకి విడుదలై కిడ్నీలకు చేరుతుంది. అక్కడ సోడియాన్ని, దాని వెంట నీటిని మూత్రంలోకి వదిలిస్తుంది. రక్తనాళాలను వదులు చేస్తుంది. శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకునేందుకు నడిపే రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థ సరిగ్గా ఇందుకు వ్యతిరేకమైన పని చేస్తుంది. ఈ రెండింటి మధ్య లాగుడుపీకుడే బీపీని, కాళ్ళ వాపును, గుండె వైఫల్యానికి వాడే ఒక ముఖ్యమైన మందును అర్థం చేసుకోవడానికి దారి.

గుండె అంటే రక్తాన్ని తోసే పంపు మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. అనుమానం రావలసిన ఆధారాలు 1956 నాటికే రెండు ఉన్నాయి. ఆ ఏడాది బ్రూనో కిష్ గినీపిగ్ కర్ణికల కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, లోపల చిన్నచిన్న నల్లటి గుళికలు కనిపించాయి. జఠరికల్లో, అంటే కింది గదుల్లో, అవి లేవు. అదే ఏడాది హెన్రీ, గావర్, రీవ్స్ అనే పరిశోధకులు కుక్కల ఎడమ కర్ణికలో బెలూన్ పెట్టి ఉబ్బించి చూశారు. మూత్రం ఎక్కువగా వచ్చింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. మూత్రం పెరగడానికి కర్ణిక నుంచి మెదడుకు వెళ్ళే నరాలే కారణమన్నారు. ఆ వివరణలోనూ కొంత నిజం ఉంది. 1964లో జేమీసన్, పలాడే ఆ గుళికలను శ్రద్ధగా పరిశీలించి, హార్మోన్ గ్రంథుల్లో కనిపించే గుళికల్లాగే ఇవీ ఉన్నాయని వర్ణించారు. అయినా వాటిలో ఏముందో తేలలేదు.

తేల్చినవాడు కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేసిన అడాల్ఫో డి బోల్డ్. ఆయన చేసిన పని చెప్పుకుంటే చాలా సాదాసీదాగా ఉంటుంది. ఎలుక కర్ణికలను నూరి, ఆ సారాన్ని మరో ఎలుక నరంలోకి ఎక్కించాడు. నిమిషాల్లోనే ఆ ఎలుక మూత్రం దాదాపు పది రెట్లు పెరిగింది, మూత్రంలో పోయే సోడియం ముప్పై రెట్లు దాటింది, బీపీ తగ్గింది. జఠరికల సారం ఎక్కిస్తే ఏమీ జరగలేదు. జఠరికతో పోల్చి చూసిన ఆ రెండో ప్రయోగమే అసలు బలం. అది లేకపోతే గుండె కండరం ఏదైనా సరే నూరి ఎక్కిస్తే ఇలాగే అవుతుందేమోనన్న సందేహం మిగిలిపోయేది. 1981లో ఈ ఫలితం అచ్చయింది. మరో మూడేళ్ళలో ఆ పదార్థం నిర్మాణం కూడా తెలిసిపోయింది. అది 28 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అందులో 17 ఒక ఉంగరంలా ముడిపడి ఉంటాయి. ఆ ఉంగరం విడిపోతే హార్మోన్ పనికిరాదు.

కర్ణిక కణంలో దాచి ఉండేది ఈ 28 ముక్కల హార్మోన్ కాదు, దానికి ముందు రూపం. 126 అమైనో ఆమ్లాల పొడవున్న ఆ ప్రోఏఎన్‌పీ గుళికల్లో నిండి ఉంటుంది. ఒక్కో గుళిక వెడల్పు మిల్లీమీటరులో సుమారు మూడు వేల వంతు. గుళిక కణం పొరను చేరి లోపలి సరుకును బయటికి వదిలే వేళ, పొర మీద ఉండే కోరిన్ అనే ఎంజైమ్ ఆ పొడవాటి గొలుసును రెండుగా తెంపుతుంది. 98 ముక్కల భాగం ఒకవైపు, 28 ముక్కల ఏఎన్‌పీ మరొకవైపు. కోరిన్ సరిగ్గా పనిచేయకపోతే గుళికల నిండా సరుకున్నా పనికొచ్చే హార్మోన్ తక్కువగానే వస్తుంది. ఈ సంగతి గుండె వైఫల్యం దగ్గర మళ్ళీ అక్కరకొస్తుంది.

కర్ణిక గోడ పలుచన, మెత్తన. సిరల్లోంచి తిరిగి వచ్చే రక్తం ముందుగా చేరేది కర్ణికల్లోకే కాబట్టి, ఒంట్లో రక్తం కాస్త పెరిగినా మొదట ఉబ్బేది అవే. మందపాటి జఠరిక గోడతో పోలిస్తే ఇది ఎంతో సున్నితమైన కొలమానం. గోడ సాగినప్పుడు కండర కణం పొర బిగుసుకుంటుంది. ఆ లాగుడును పొరలో ఉండే ప్రోటీన్లు పసిగడతాయి. లోపల జి-ప్రోటీన్లు అనే సందేశ వాహకాలు కదులుతాయి, గుళికలు పొర వైపు జరిగి తెరుచుకుంటాయి. కణం మీది ఏ ప్రోటీన్ మొట్టమొదట లాగుడును గుర్తిస్తుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. కానీ సాగుదలే విడుదలకు ప్రధాన కారణం అన్న విషయంలో అనుమానం లేదు. శరీరం నుంచి వేరుచేసిన గుండెలో, నరాల ప్రమేయం ఏమీ లేకుండా కర్ణికను ఉబ్బించినా హార్మోన్ బయటికి వస్తుంది. ఎండోథీలిన్, యాంజియోటెన్సిన్ వంటి ఇతర హార్మోన్లు కూడా విడుదలను పెంచగలవు. వాటిది పక్క పాత్ర.

ఇక్కడ తేలిగ్గా పొరబడే చోటు ఒకటుంది. గోడ సాగడం, కర్ణిక లోపల పీడనం పెరగడం ఒకటే కదా అనిపిస్తుంది. కావు. తేడా బాగా తెలిసేది గుండె చుట్టూ నీరు చేరిన రోగిలో. గుండెను ఒక పలుచని సంచి కప్పి ఉంటుంది. ఆ సంచిలో ద్రవం నిండి గుండెను నొక్కేస్తే దాన్ని టాంపొనేడ్ అంటారు. మన దేశంలో ఇలా నీరు చేరడానికి క్షయ ఒక ముఖ్య కారణం. అలాంటి రోగిలో కర్ణిక లోపలి పీడనం కొలిస్తే చాలా ఎక్కువగా ఉంటుంది. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తాయి. పీడనమే లెక్క అయితే ఏఎన్‌పీ కూడా విపరీతంగా పెరిగి ఉండాలి. కానీ అంతగా పెరగదు, మూత్రం కూడా తక్కువగా వస్తుంది. కారణం సులభం. లోపలి పీడనం గోడను బయటికి తోస్తుంటే, సంచిలోని ద్రవం అంతే బలంతో లోపలికి నొక్కుతోంది. రెండింటి మధ్య గోడ సాగే వీలు లేదు. ఆ నీటిని సూదితో తీసేయగానే కర్ణిక లోపలి పీడనం పడిపోతుంది, అయినా ఏఎన్‌పీ పెరుగుతుంది, మూత్రం ధారాళంగా వస్తుంది. పీడనం తగ్గుతుంటే హార్మోన్ పెరగడం పైకి వింతగా ఉంటుంది గానీ, అడ్డు తొలగి గోడ ఇప్పుడు స్వేచ్ఛగా సాగుతోందని గుర్తుంచుకుంటే వింతేమీ లేదు. కర్ణిక కొలిచేది లోపలి, బయటి పీడనాల మధ్య తేడాని.

రక్తంలోకి వచ్చిన ఏఎన్‌పీ ఆయుష్షు చాలా తక్కువ. రెండు మూడు నిమిషాల్లో సగం మాయమవుతుంది. కొంత భాగాన్ని కణాల మీద ఉండే ఒక రకం గ్రాహకాలు పట్టుకుని లోపలికి మింగేస్తాయి. మిగిలినదాన్ని నెప్రిలైసిన్ అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. అందువల్ల కర్ణిక సాగుతున్నంత సేపే కబురు నడుస్తుంది. సాగుదల ఆగితే కొద్దిసేపట్లోనే అదీ ఆగిపోతుంది. కిడ్నీలోనో రక్తనాళంలోనో అసలు పనికొచ్చే గ్రాహకం దొరికితే, దానికి తగులుకుని కణం లోపల సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువును పెంచుతుంది. ఏఎన్‌పీ చేసే దాదాపు ప్రతి పనీ ఈ అణువు ద్వారానే జరుగుతుంది.

ఇక ఎదుటి పక్షం. రెనిన్ కథ ఇంకా పాతది. 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీ సారం ఎక్కిస్తే బీపీ పెరుగుతుందని గమనించి, అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. కిడ్నీకి వచ్చే రక్తం పీడనం తగ్గినా, కిడ్నీ నాళికల్లో ఉప్పు తక్కువగా ప్రవహిస్తున్నా, సింపథటిక్ నరాలు ఉత్తేజపడినా కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. కాలేయం తయారుచేసే యాంజియోటెన్సినోజన్ అనే ప్రోటీన్‌ను రెనిన్ కత్తిరించి యాంజియోటెన్సిన్-1గా చేస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైమ్ దాన్ని మరికాస్త కత్తిరించి యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. అసలు బలం దీనిదే. రక్తనాళాలను బిగిస్తుంది, కిడ్నీ నాళికల్లో సోడియాన్ని వెనక్కి లాగుతుంది, దాహం పుట్టిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ కిడ్నీ చివరి భాగంలో సోడియాన్ని మరింత పట్టి ఉంచుతుంది.

చెరువు భాషలో చెప్పాలంటే రెనిన్ వ్యవస్థ తూము మూసి నీటిని నిలబెట్టేది, ఏఎన్‌పీ చెరువు నిండినప్పుడు పొంగే అలుగు. అయితే చెరువు అలుగు తూముతో మాట్లాడదు. ఏఎన్‌పీ మాత్రం నేరుగా రెనిన్ మీదే చేయి వేస్తుంది.

ఇది చాలా చోట్ల జరుగుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ కేశనాళికల ముడికి రక్తం తెచ్చే చిన్న ధమనిని ఏఎన్‌పీ వదులు చేస్తుంది, రక్తం బయటికి పోయే ధమనిని కాస్త బిగిస్తుంది. దాంతో ముడి లోపలి పీడనం పెరిగి వడపోత ఎక్కువవుతుంది. యాంజియోటెన్సిన్-2 కూడా బయటికి పోయే ధమనిని బిగిస్తుంది కాబట్టి, ఈ ఒక్క చోట ఇద్దరు ప్రత్యర్థులూ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తారు. అసలు తేడా లోపలికి వచ్చే ధమనిలో ఉంది. వడపోత ఎక్కువైతే నాళికల్లోకి వచ్చే ఉప్పూ ఎక్కువవుతుంది. నాళికలో ఉప్పు తగ్గితేనే కదా రెనిన్ వచ్చేది, ఉప్పు ధారాళంగా వస్తుంటే ఆ అవసరం తీరిపోతుంది. పైగా రెనిన్ తయారుచేసే కణాల మీద కూడా ఏఎన్‌పీ గ్రాహకాలున్నాయి, సైక్లిక్ జీఎంపీ అక్కడ రెనిన్ విడుదలను నేరుగా అణచేస్తుంది. నాళికల చివర, మూత్రం ఆఖరుగా దాటి వెళ్ళే సేకరణ నాళంలో, సోడియాన్ని లోపలికి తీసుకునే ద్వారాలను మూసేస్తుంది. ఇవే ద్వారాలను తెరిపించేది ఆల్డోస్టిరాన్. అడ్రినల్ గ్రంథిలో యాంజియోటెన్సిన్ ఆజ్ఞ అందినా ఆల్డోస్టిరాన్ ఉత్పత్తిని ఏఎన్‌పీ తగ్గిస్తుంది. మామూలు రక్తనాళాల్లోనూ యాంజియోటెన్సిన్ బిగింపును సడలిస్తుంది.

మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులో 99 శాతం తిరిగి లోపలికి తీసుకుంటాయి. అందుకే ఈ తిరుగు ప్రయాణంలో చిన్న మార్పు వచ్చినా మూత్రంలో లీటర్ల తేడా పడుతుంది. కిడ్నీతో సంబంధం లేని దారి కూడా ఒకటుంది. ఏఎన్‌పీ సన్నని కేశనాళికల గోడలు నీటిని కాస్త ఎక్కువగా జారనిచ్చేలా చేస్తుంది. రక్తంలోని ద్రవం కొంత చుట్టుపక్కల కణజాలంలోకి దిగిపోయి, మూత్రం పోకముందే రక్తం పరిమాణం తగ్గుతుంది. కిడ్నీలు తీసేసిన జంతువుల్లో కూడా ఇది కనిపించింది.

ఇదంతా ఒకే మనిషిలో వరసగా చూడాలంటే మెడ దాకా నీళ్ళలో కూర్చోబెట్టే ప్రయోగం ఉంది. ఆరోగ్యవంతుణ్ణి మూడు నాలుగు గంటలపాటు 34, 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో మెడ వరకు మునిగేట్టు కూర్చోబెడతారు. నీళ్ళు చల్లగా ఉంటే వణుకు, రక్తనాళాల బిగింపు కలిసి ఫలితాన్ని గందరగోళపరుస్తాయి, అందుకే ఆ ఉష్ణోగ్రత. సెలైన్ ఎక్కించలేదు, ఉప్పు తినిపించలేదు. ఒంట్లోని రక్తం ఒక్క చుక్కైనా పెరగలేదు, చోటు మాత్రం మారింది. నీటి బరువు కాళ్ళను, పొట్టను నొక్కడంతో సిరల్లో నిలిచిన రక్తం పైకి జరుగుతుంది. సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీలోకి చేరుతాయి. కర్ణికలు ఉబ్బుతాయి, గుండె నిమిషానికి పంపే రక్తం మూడో వంతు దాకా పెరుగుతుంది.

తర్వాత జరిగేది రక్తపరీక్షల్లో చక్కగా కనిపిస్తుంది. ఏఎన్‌పీ మొదటి గంట లోపే పైకి లేచి, నీళ్ళలో ఉన్నంతసేపూ ఎక్కువగానే ఉంటుంది. రెనిన్, ఆల్డోస్టిరాన్ నెమ్మదిగా తగ్గుతూ చివరికి సగానికి పైగా పడిపోతాయి. మూత్రం త్వరగా పెరుగుతుంది. సోడియం విసర్జన మాత్రం ఇంకాస్త ఆలస్యంగా శిఖరం అందుకుంటుంది. నీళ్ళలోంచి బయటికి వస్తే రక్తం మళ్ళీ కాళ్ళలోకి దిగుతుంది, కొద్దిసేపట్లో ఏఎన్‌పీ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఒంట్లో ఎన్ని లీటర్ల ద్రవం ఉందన్నది శరీరం లెక్కపెట్టదు, కర్ణిక ఎంత నిండిందన్నదే లెక్కపెడుతుంది అనడానికి ఇంతకన్నా శుభ్రమైన రుజువు దొరకదు.

సోడియం ఆలస్యం కూడా ఆలోచించదగ్గదే. ఏఎన్‌పీ ఒక్కటే కారణమైతే, అది పెరిగిన వెంటనే సోడియం పోవాలి. అలా జరగలేదంటే రెనిన్ తగ్గడం, ఆల్డోస్టిరాన్ ప్రభావం మెల్లగా అంతరించడం, కిడ్నీకి వెళ్ళే సింపథటిక్ నరాలు చల్లబడడం కూడా ఇందులో వాటా పంచుకుంటున్నాయన్నమాట. ఆల్డోస్టిరాన్ పని కణం లోపల కొత్త ప్రోటీన్లు తయారయ్యి జరిగేది కాబట్టి, అది తగ్గినా ప్రభావం పోవడానికి గంటలు పడుతుంది. ఏఎన్‌పీ ఒంటరిగా గొప్ప మూత్రకారకం అనుకోవడం పొరపాటు. దాని బలంలో చాలా భాగం ప్రత్యర్థిని అణచడంలోనే ఉంది.

ఈ వ్యవస్థ రోజువారీ జీవితంలోనూ పైకి తేలుతుంది. గుండె హఠాత్తుగా నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకునే ఒక రకం దడ వచ్చినవారు, అది మొదలైన కొద్దిసేపటికి పలుచని మూత్రం లీటర్ల కొద్దీ పోయిందని చెప్తుంటారు. దడలో కర్ణికలు తరచు మూసుకున్న కవాటం మీదకు కొట్టుకుంటూ సాగుతాయి, ఏఎన్‌పీ పెరుగుతుంది. రాత్రిళ్ళు గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారు మూత్రానికి పదేపదే లేవడానికీ ఇదే కారణం. ఊపిరి దారి మూసుకున్నప్పుడు గాలి కోసం ఛాతీ లోపలి నుంచి బలంగా లాగుతుంది. ఆ లాగుడుకు కర్ణిక గోడ బయటికి సాగుతుంది. చాలామంది ఇది షుగరో, ప్రోస్టేటో అనుకుంటారు. గురకకు ముక్కు మీద పెట్టే సీపాప్ మిషన్ వాడితే మూత్రానికి లేవడం తగ్గడమే గుర్తు.

అడ్రినల్ గ్రంథిలో గడ్డ వల్ల ఆల్డోస్టిరాన్ అదుపు లేకుండా వచ్చే జబ్బు మరో పాఠం నేర్పుతుంది. అంత ఆల్డోస్టిరాన్ ఉంటే మనిషి రోజురోజుకీ నీరు పట్టి వాచిపోవాలి. మొదటి కొద్దిరోజులు అలాగే ఉప్పు నిలుస్తుంది, బరువు రెండు మూడు కిలోలు పెరుగుతుంది. ఆ తర్వాత కర్ణికలు సాగి ఏఎన్‌పీ పెరుగుతుంది, పెరిగిన బీపీ కూడా కిడ్నీని ఒత్తుతుంది, తిన్న ఉప్పంతా మళ్ళీ మూత్రంలో పోవడం మొదలవుతుంది. వైద్యులు దీన్ని ఆల్డోస్టిరాన్ నుంచి తప్పించుకోవడం అంటారు. అందుకే ఈ రోగులకు బీపీ ఎక్కువ, పొటాషియం తక్కువ ఉంటాయి గానీ కాళ్ళ వాపు సాధారణంగా ఉండదు. వాపు లేదు కదా అని ఈ జబ్బును కొట్టిపారేయకూడదు.

ఏఎన్‌పీ అసలే లేకపోతే ఏమవుతుందన్నది 1995లో అమెరికాలో ఆలివర్ స్మిథీస్ బృందం ఎలుకల్లో చూసింది. ఏఎన్‌పీ జన్యువు రెండు ప్రతుల్నీ పోగొట్టుకున్న ఎలుకలకు మామూలు మేతతోనే బీపీ పెరిగింది. ఒక్క ప్రతి మాత్రమే పోయిన ఎలుకలు మామూలు మేత తిన్నంతకాలం బాగానే ఉన్నాయి, ఉప్పు బాగా పెంచిన మేత పెట్టగానే వాటికీ బీపీ ఎక్కింది. ఒకే ఉప్పు కొందరికి బీపీ తెచ్చి, కొందరికి తేకపోవడానికి పుట్టుకతో వచ్చే తేడాలు కూడా కారణం కావచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. ఊరగాయతో అన్నం తినే ఇళ్ళలో ఒకే కంచం తిన్న అన్నదమ్ముల్లో ఒకరికే బీపీ రావడం వింతగా చూడాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా చిక్కుముడి గుండె వైఫల్యం. గుండె బలహీనపడి రక్తాన్ని ముందుకు తోయలేకపోతే కర్ణికల్లో రక్తం వెనక నిలిచిపోతుంది, గోడ ఎప్పుడూ సాగే ఉంటుంది. ఏఎన్‌పీ మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. అయినా రోగి కాళ్ళు వాచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఉప్పు నిలిచిపోతుంది. ఉప్పు బయటికి పంపే హార్మోన్ ఇంత ఉండి ఉప్పు పోకపోవడం ఎలా?

కిడ్నీ వైపు నుంచి చూస్తే సమాధానం కనిపిస్తుంది. బలహీనమైన గుండె నుంచి కిడ్నీకి అందే రక్తం తక్కువ. ఒంట్లో నీరు ఎంత నిండినా కిడ్నీకి మాత్రం కరవుగానే తోస్తుంది. అది రెనిన్ వదులుతుంది, సింపథటిక్ నరాలు దానికి తోడవుతాయి. నిండిందని గుండె చెప్తుంటే, ఎండిందని కిడ్నీ చెప్తోంది. ఇద్దరూ తమ దగ్గరున్న ఆధారాన్ని బట్టి నిజమే చెప్తున్నారు. గెలిచేది రెనిన్ వైపు. వడపోత తక్కువై, నాళికల మొదటి భాగంలోనే యాంజియోటెన్సిన్ సోడియాన్ని చాలావరకు లాగేసుకుంటే, ఏఎన్‌పీ పనిచేసే చివరి భాగానికి చేరేది కొద్దిపాటే. దీర్ఘకాలం ఎక్కువ ఏఎన్‌పీకి అలవాటుపడ్డ గ్రాహకాలు మొద్దుబారతాయి. కణం లోపల సైక్లిక్ జీఎంపీని త్వరగా విరగ్గొట్టే ఎంజైమ్‌లు పెరుగుతాయి. పైన చెప్పుకున్న కోరిన్ కూడా ఈ రోగుల్లో తగ్గుతుంది. అప్పుడు పరీక్షలో కనిపించే ఏఎన్‌పీలో కొంత భాగం తెగని, పనిచేయని ముందు రూపమే అయి ఉంటుంది. ఉప్పు దొరకడమే కష్టమైన కాలంలో తీరిన శరీరానికి, పట్టి ఉంచే వ్యవస్థ వదిలేసే వ్యవస్థ కన్నా బలంగా ఉండడం ఆశ్చర్యం కాదు.

దీనికి మందు వెతికినవారు మొదట ఏఎన్‌పీనే నరంలోకి ఎక్కించి చూశారు. జపాన్‌లో కార్పెరిటైడ్ పేరుతో తీవ్రమైన గుండె వైఫల్యానికి వాడుతున్నారు. కానీ నిమిషాల ఆయుష్షున్న మందును ఆసుపత్రి మంచం మీద చుక్కచుక్కగా ఎక్కించాల్సిందే, ఇంటికి పంపి వాడించలేరు. రెండో ఆలోచన నెప్రిలైసిన్‌ను అడ్డుకోవడం. ఏఎన్‌పీని ముక్కలు చేసే ఎంజైమ్‌ను ఆపితే సొంత ఏఎన్‌పీయే ఎక్కువసేపు నిలుస్తుంది. చిక్కేమిటంటే నెప్రిలైసిన్ యాంజియోటెన్సిన్-2నూ ముక్కలు చేస్తుంది. దాన్ని ఆపితే మిత్రుడితోపాటు ప్రత్యర్థీ బలపడతాడు. కాబట్టి రెనిన్ వ్యవస్థను కూడా ఏకకాలంలో కట్టేయాలి.

ఒకే మాత్రతో నెప్రిలైసిన్, ఏసీఈ రెండింటినీ ఆపే ఒమాపట్రిలాట్ అనే మందు తయారైంది. బీపీ బాగా తగ్గింది, కానీ కొందరికి పెదాలు, నాలుక, గొంతు ప్రమాదకరంగా వాచిపోయాయి. బ్రాడికైనిన్ అనే మరో పెప్టైడ్‌ను విరగ్గొట్టేది కూడా ఈ రెండు ఎంజైమ్‌లే. రెండూ ఆగితే అది పేరుకుపోతుంది. ఆ మందు మార్కెట్లోకి రాలేదు. ఈ అనుభవంతో వచ్చిన జోడీ సాకుబిట్రిల్, వాల్సార్టన్. మొదటిది నెప్రిలైసిన్‌ను ఆపుతుంది. రెండోది ఏసీఈని ముట్టుకోకుండా, యాంజియోటెన్సిన్-2 తగులుకునే గ్రాహకాన్ని మూసేస్తుంది. 2014లో వెలువడిన పారాడైమ్-హెచ్ఎఫ్ పరీక్షలో 8,399 మంది గుండె వైఫల్య రోగులకు ఈ జోడీనో, పాత మందు ఎనాలప్రిల్‌నో ఇచ్చి పోల్చారు. గుండె జబ్బుతో చనిపోవడమో, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడమో పాత మందు వాడినవారిలో 26.5 శాతం మందికి, కొత్త జోడీ వాడినవారిలో 21.8 శాతం మందికి జరిగింది. ఆ పోలికలో ఎనాలప్రిల్ కూడా మంచి మందే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. బీపీ మరీ తగ్గి కళ్ళు తిరగడం కొత్త జోడీతో ఎక్కువ.

వాడకంలో రెండు జాగ్రత్తలు ఈ హార్మోన్ కథలోంచే పుట్టాయి. ఎనాలప్రిల్, రామిప్రిల్ వంటి ఏసీఈ నిరోధకం వాడుతున్న రోగికి, చివరి మాత్ర వేసుకున్నాక 36 గంటలు గడిచాకే ఈ జోడీ మొదలుపెట్టాలి. లేకపోతే ఒమాపట్రిలాట్ నాటి వాపు మళ్ళీ ఎదురవుతుంది. రెండోది రక్తపరీక్ష సంగతి. గుండె వైఫల్యాన్ని గుర్తించడానికి ఏఎన్‌పీని కొలవడం అరుదు, అది మరీ త్వరగా మాయమవుతుంది. జఠరికల నుంచి ఎక్కువగా వచ్చే దాని తోబుట్టువు బీఎన్‌పీని, లేదా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని కొలుస్తారు. బీఎన్‌పీని కూడా నెప్రిలైసిన్ విరగ్గొడుతుంది కాబట్టి, సాకుబిట్రిల్ వాడేవారిలో గుండె మెరుగవుతున్నా ఆ అంకె పెరిగి కనిపించవచ్చు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి నెప్రిలైసిన్‌తో పనిలేదు. ఈ మందు వాడే రోగి గుండె గోడ మీద లాగుడు నిజంగా తగ్గిందో లేదో చూడాలంటే ఆ రెండో పరీక్షనే నమ్ముతారు.